అత్త ఏరిన సానరాళ్లు

అబద్ధం చెప్పి పాపం మూటగట్టుకున్నవాళ్ల కథలు చాలా విన్నాను. నేను నిజం చెప్పి మూటగట్టుకున్నాను. అదీ ఆలోచించి, ఎదుటి మనిషి మొహం చూసి చెప్పిన నిజం కాదు. విసుగులో, నాకన్నీ తెలుసునన్న పొగరులో, ఒక ముసలామె ముందు కుమ్మరించిన నిజం. ఇన్నేళ్లయినా ఆ పూట గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆమె మా మేనత్త, నాన్నకు అక్క. చిన్న వయసులోనే మొగుడు పోతే కొడుకును చంకనేసుకుని పుట్టింటికి వచ్చేసింది. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒకటే గోడ. పావగడ తాలూకాలో బలసముద్రం అనే ఊరి పక్కన మా పల్లె. ముందు తరాల వాళ్లు గొర్రెలే మేపారు. మా కాలానికి వేరుశనగ కొంత, రాగి కొంత, గొర్రెలు కొన్ని, అన్నీ కలిపి కడుపు నిండీ నిండక నడిచేది. అత్త కొడుకు నాకంటే పెద్దవాడు, బావ. వరసగా వానలు మొహం చాటేసి, గొర్రెలకు గాలిరోగం తగిలి మందలో సగం పోయాక, అతను మహారాజుగారి పటాలంలో చేరాడు. నేనేమో తుమకూరులో చదివి, బెంగళూరులో అదే పటాలాలకు సామాన్లు సమకూర్చే కచేరిలో గుమాస్తానయ్యాను. ఒకే పెరట్లో పెరిగిన ఇద్దరం అలా ఒకే సర్కారు ఉప్పు తిన్నాం. అతను తుపాకీ మోశాడు, నేను తుపాకుల గురించి కాగితాలు మోశాను.

మా వైపు పొలాల్లో వాన వెలిశాక ఒక రకం రాయి పైకి తేలుతుంది. చిన్న పీపాలాగా మధ్యలో లావుగా, రెండు కొసల్లో సన్నగా ఉంటుంది. రంగు బూడిదకీ ఎరుపుకీ మధ్య. చేతిలోకి తీసుకుంటే దాని పరిమాణానికి మించి బరువు. పుస్తకాల్లో దాన్ని కురువిందం అంటారు. మా ఆడవాళ్లు సానరాయి అనేవారు. ఎందుకంటే దాన్ని దంచి, పొడిని కరిగిన లక్కలో కలిపి చక్రం పోస్తే కత్తులకూ కొడవళ్లకూ పదును పెట్టే సాన తయారవుతుంది. వజ్రం తప్ప దాన్ని గీయగలిగింది లేదు. సర్కారు దగ్గర హక్కు పాడుకున్న గుత్తేదారు ఒకడు ఉండేవాడు. పల్లెల్లో ఆడవాళ్లు ఏరి తెచ్చింది అతని మేస్త్రి కొలిచి తీసుకుని, బండ్లకెత్తి హిందూపురం రైలు స్టేషనుకు తోలించేవాడు. మా తాలూకా చుట్టూ ఎటు చూసినా మద్రాసు సీమే కదా. పావగడ కొండ మనది, దాని నీడ దాటితే ఇంగ్లీషువాళ్లది అని మా నాన్న నవ్వేవాడు. కాబట్టి మా రాయి పొద్దున రాజుగారి నేల మీద బయలుదేరి, సాయంత్రానికి పరాయి నేల మీద రైలెక్కేది.

యుద్ధం వచ్చాక ఆ రాయికి గిరాకీ పెరిగింది. అంతకుముందు బయటిదేశాల నుంచి వచ్చే సానపొడి ఓడల్లో రావడం ఆగిపోయింది. ఎవరికి పడితే వాళ్లకు అమ్మడానికి వీల్లేదని, అనుమతి చీటీ ఉన్నవాళ్లే కొనాలని హుకుం వచ్చింది. మేస్త్రికి ఎంత ఏరినా చాలేది కాదు. ఒకరోజు వాడు ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పాడట: "మీరు ఏరే రాయి లేకపోతే తుపాకీ లేదమ్మా. గొట్టం లోపల నున్నగా రావాలంటే, పనిముట్లకు పదును రావాలంటే, ఈ రాయే కావాల. ఇది పోతేనే ఆడ తుపాకులు తయారయ్యేది."

వాడు చెప్పింది అబద్ధం కాదు. కానీ అత్తకు అది వేరే రకంగా అర్థమయింది. ఎందుకు అలా అర్థమయిందో తెలియాలంటే మా కంబళ్ల సంగతి చెప్పాలి.

గొర్రెల ఉన్ని కత్తిరించాక మావాళ్లు అమ్ముకునేవారు కాదు, నేతగాడికి ఇచ్చేవారు. అతను ఉన్ని తూచి తీసుకుంటాడు, కూలి కింద కొంత ఉన్ని తన వాటా పట్టుకుంటాడు, మిగతాదంతా నేసి కంబళిగా తిరిగి ఇస్తాడు. ఏ మంద ఉన్ని ఆ ఇంటి కంబళే కావాలి. కలిపితే తగువే. మా అత్త కంబళి వాసన చూసి, వేలితో రుద్ది, ఇందులో నా నల్ల గొర్రె ఉన్ని ఉండాది, ఇదిగో ఈడ అని చూపించేది. ఇచ్చినది రూపం మారి ఇచ్చినవాడి ఇంటికే వస్తుంది అన్నది ఆమెకు ఎవరూ నేర్పిన లెక్క కాదు, పుట్టినప్పటి నుంచి కప్పుకున్న లెక్క.

బావ సెలవు మీద వచ్చినప్పుడు అత్త ముందుగా అడిగేది తిండి గురించి, తర్వాత తుపాకీ గురించి. ఒకసారి అతను, "పాతవేనమ్మా. మా చేతికి ముందు ఇంకెవురో వాడినవి. కొత్తవి వస్తాయంట, వచ్చినాక సముద్రం దాటిస్తారంట" అన్నాడు. అంతే. అత్త బుర్రలో మేస్త్రి మాట, కొడుకు మాట, కంబళి లెక్క మూడూ ఒకచోట కలిశాయి. సానరాయి పోతుంది, తుపాకీ అవుతుంది, గుత్తేదారు వాటా గుత్తేదారు పట్టుకుంటాడు, మిగతాది మన రాజ్యానికి, మన పిల్లలకు తిరిగి వస్తుంది. ఎంత తొందరగా ఏరితే అంత తొందరగా కొత్త తుపాకీ.

బావ పటాలం ఓడెక్కింది. మలయా అన్నారు. అత్తకు మలయా ఎక్కడుందో తెలియదు, సముద్రం అవతల అని తెలుసు. ఆ రోజు నుంచి ఆమె ఏరడం చూసి పల్లె నోరు తెరిచింది. మోకాళ్లు పట్టేసిన మనిషి, గొర్రెలను నా తమ్ముడికి అప్పగించి, పొద్దెక్కక ముందే చేలగట్ల మీద ఉండేది. తక్కిన ఆడవాళ్లు బుట్ట నింపడానికి మామూలు రాళ్లు కూడా నాలుగు వేసి మేస్త్రి కళ్లు కప్పాలని చూసేవారు. అత్త ప్రతి రాయినీ కొంగుతో తుడిచి, కొడవలి మీద గీసి చూసి, గీత పడితేనే బుట్టలో వేసేది. కూలి డబ్బులు ఎంత ఇచ్చాడో చూసుకునేది కాదట. "మంచి రాయికి మంచి తుపాకీ వస్తాదప్పా" అని మేస్త్రికే చెప్పేదట.

నేను దసరాకు ఇంటికి వచ్చాను. వచ్చిన మరుసటి రోజు పొద్దున అత్త నా ముందు బుట్ట దించి కూర్చుంది. మొహంలో ఎంత వెలుగో. "నువ్వు ఆ కచేరిలోనే ఉండావు కదప్పా. కాస్త అడిగి చూడు, మన పావగడ రాళ్లవి తుపాకులు వచ్చేసినాయా, ఇంకా నేస్తాండారా?"

నేను నవ్వాను. ఆ నవ్వుతోనే నా పాపం మొదలయింది. కచేరిలో మా పై అధికారి చేతిలో నెల రోజులుగా తిట్లు తింటున్నాను. ఏ తుపాకుల గురించైతే ఆమె అడిగిందో, సరిగ్గా అవే అడిగి అడిగి, జవాబులు రాక, వచ్చిన జవాబుల్లో అర్థం లేక విసిగిపోయి ఉన్నాను. ఇక్కడ ఒక మనిషి నా ముందు కూర్చుని తుపాకులు నేస్తున్నారా అంటోంది. విసుగు వచ్చింది. దానికంటే ఎక్కువగా, నాకు తెలిసినదంతా చెప్పడానికి ఒక చెవి దొరికిందన్న సంబరం కలిగింది. అదే ఇప్పుడు నన్ను ఎక్కువ సిగ్గుపడేలా చేస్తుంది.

"అట్ల కాదత్తా," అన్నాను. "నీ రాయి మన రాజుగారి దగ్గరికి పోదు. హిందూపురంలో రైలెక్కినాక అది మన సొత్తు కాదు. బొంబాయికో కలకత్తాకో పోతాది. సాన చక్రాలైతాది. ఆ చక్రాలు ఏ కార్ఖానాకు పోవాలో ఢిల్లీలో చెప్తారు."

"కార్ఖానాలో తుపాకీ చేస్తారు కదా?"

"చేస్తారు. కలకత్తా దగ్గర ఉండాది. ఆడ చేసే తుపాకీ కొలతలన్నీ ఇంగ్లీషోళ్ల సీమలో ముద్ర వేసి పెట్టిన నమూనా ప్రకారమే. ఒక్క మర మార్చాలన్నా ఆడి నుంచి ఒప్పుకోలు రావాల. అచ్చులు, కొలత పనిముట్లు ఆడివే. తూటాల్లోకి మందు మన పక్కనే, నీలగిరి కొండల్లో చేస్తారు. అయినా దాని మీద మనకు హక్కు లేదు."

"మరి మనమే చేసుకోకూడదా? భద్రావతిలో ఇనుము కరగబెడతారంటివి కదా పోయిన తూరి."

ఆ ప్రశ్నకు నా తల తిరిగింది. మా కచేరిలో ఎవరూ పైకి అడగని ప్రశ్న అది. "చేసుకోకూడదత్తా. ఇంగ్లీషోళ్లు ఈ రాజ్యం తిరిగి మన రాజులకు అప్పజెప్పినప్పుడు షరతులు రాసుకున్నారు. వాళ్లు సరే అనకుండా ఆయుధాలు, మందుగుండు బయటి నుంచి తెప్పించుకోకూడదు. రాజ్యంలో చేసేది ఆపమని వాళ్లంటే ఆపాల్సిందే. కొత్త కోట కట్టకూడదు, పాత కోటను బాగు చేయకూడదు. మన పావగడ కొండ మీద కోటకు ఒక రాయి పేర్చాలన్నా వాళ్లనే అడగాల. వేటగాడు నాటు తుపాకీ పెట్టుకోవాలన్నా లైసెన్సు కావాల. దాంతో సరిహద్దు దాటితే ఇంకో లైసెన్సు. రాజుగారిదీ అంతే, వేటగాడిదీ అంతే."

అత్త నమ్మలేదు. మహారాజుగారికి లైసెన్సా అని నవ్వింది. నేను రెచ్చిపోయాను. నేలమీద గీతలు గీసి చూపించాను. పటాలానికి తుపాకులు కావాలంటే మా కచేరి కోరిక రాస్తుంది. అది దివానుగారి దగ్గరికి పోతుంది. అక్కడి నుంచి బెంగళూరు కంటోన్మెంటులో ఉన్న ఇంగ్లీషు రెసిడెంటుకు. అక్కడి నుంచి ఢిల్లీకి. ఢిల్లీలో సంస్థానాల పటాలాలను చూసుకునే సైనిక సలహాదారు ఒకరుంటారు. ఆయన మా పటాలం ఏ తరగతిదో చూస్తాడు. పై తరగతి అయితే ఇంగ్లీషు ఇండియా సైన్యానికి ఇచ్చేలాంటివే ఇస్తారు. తర్వాతి తరగతికి ఒక మెట్టు పాతవి. చివరి తరగతికి ఊరి కాపలాకు సరిపోయేవి. పెద్ద ఫిరంగుల మాట ఎత్తితే అడిగినవాడినే అనుమానంగా చూస్తారు.

"సిపాయికి తిండి, బట్ట, జీతం మన రాజ్యం పెడతాది," అన్నాను. "తుపాకీ వాళ్లు ఇస్తారు. తూటా వాళ్లు ఇస్తారు. అందుకే ఆ సిపాయి యాడ నిలబడాల, ఎవరి మీదికి పోవాల అనేదీ వాళ్లే చెప్తారు. తూటా ఇచ్చేది మానేస్తే మూడు దినాల్లో తుపాకీ కట్టె అయిపోతాది. అందుకే మన పటాలం ఎంత ఉండాల, ఎట్లా ఉండాల అని మనం అనుకోము. వాళ్లు ఏమిస్తారో దాన్నిబట్టి మన పటాలం ఉంటాది. పోలీసులకు ఇచ్చే తుపాకీ చూడు. సైన్యం తూటా అందులో పట్టకుండా గొట్టం తొలిచి, ఒక్కొక్క గుండే పెట్టుకునేట్టు చేసి ఇస్తారు. ఎప్పుడన్నా ఎదురు తిరిగితే వాళ్ల తూటా దొరికినా పనికి రాకూడదని."

అత్త బుట్టలోంచి ఒక రాయి తీసి కొంగుతో తుడిచింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "అయితే, ఇప్పుడు చేస్తాండే తుపాకులు ఎవరికి పోతాండాయి?"

ఇక్కడ ఆగి ఉండాల్సింది. నోరు కట్టేసుకుని, నీ కొడుకు చేతికేనత్తా అనాల్సింది. ఆ ఒక్క మాటతో ఏ దేశమూ మునిగిపోయేది కాదు.

"ఇంగ్లీషు సైన్యం ఫ్రాన్సు నుంచి పారిపోయి వచ్చేటప్పుడు ఉన్నవన్నీ ఆడే వదిలేసింది," అన్నాను. "ఆ లోటు పూడ్చడానికి ఈడ నిలవ ఉన్నవి సీమకు పోయినాయి. ఇప్పుడు ఈజిప్టు పక్క యుద్ధం జరుగుతాంది, చేసినవన్నీ ఆడికి. ఎవరికి ముందు, ఎవరికి వెనక అని తేల్చడానికి ఢిల్లీలో ఒక మండలి కూర్చుంది. విమానాలు రష్యాకు పోతాండాయి. మలయాలో ఇంకా యుద్ధం లేదు కదా, వాళ్ల వంతు చివర. నువ్వు ఏరిన రాయితో నున్నగా చేసిన తుపాకీ ఏ ఎడారిలోనో ఎవరి చేతిలోనో ఉంటాదత్తా. బావ చేతికి రాదు. ఇది కంబళి కాదు."

అత్త బుట్ట వైపు చూసింది. తర్వాత నా మొహం చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. తప్పు లెక్క చెప్పిన పిల్లలాగా చిన్నబోయింది. లేచి బుట్టను గోడవారన పెట్టి గొర్రెల దగ్గరికి పోయింది. మరుసటి రోజు చేలలోకి వెళ్లలేదు. ఆ మరుసటి రోజూ వెళ్లలేదు. మేస్త్రి మనిషిని పంపితే, "ఇంక నాకు చేతకాదప్పా" అని చెప్పి పంపేసింది. ఆ బుట్టలో రాళ్లను కూడా తీసుకుపొమ్మంది.

నేను సంతోషించాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ రాయకపోతే ఇంత రాసీ లాభం లేదు. ముసలామె మోకాళ్లకు విశ్రాంతి దొరికింది, ఒకరి కళ్లు తెరిపించాను అనుకుంటూ బెంగళూరు బస్సు ఎక్కాను.

కచేరిలో మళ్లీ అదే పని. తుపాకులు, మరతుపాకులు, గుడారాలు, లారీలు కావాలని రాయడం. పరిశీలనలో ఉంది, కేటాయింపు వచ్చాక తెలుపుతాం అని జవాబులు రావడం. మలయాకు పోయిన మన పటాలం గురించి ఒక్క మాట ఎక్కడైనా తగిలితే నా చూపు అక్కడ ఆగేది. వాళ్లను ఒక విమానాల మైదానానికి కాపలా పెట్టారని మాత్రం తెలిసింది. అది పెద్ద ప్రమాదం లేని పని అని నాకు నేను చెప్పుకున్నాను.

మూడు నెలలు తిరగకముందే జపాను సైన్యం మలయాలో దిగింది. ఫిబ్రవరిలో సింగపూరు పడిపోయింది. పేపరులో ఆ వార్త చదివిన రోజు నేను బల్ల మీద తల పెట్టుకుని కూర్చుంటే, పక్క గుమాస్తా జ్వరమా అని అడిగాడు.

ఊరికి వెళ్లాను. అత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. తిడుతుందేమో అనుకున్నాను, తిడితే బాగుండేది.

"నేను మానేసినాను కదప్పా," అంది. "మొన్న దసరా నించి ఒక్క రాయి ఏరలేదు. అందుకే వాళ్లకు తుపాకులు చాలలేదు."

"అట్ల కాదత్తా, చెప్పినాను కదా..."

"నువ్వు చెప్పినావు. నీది కచేరి లెక్క. ఎంతో కొంత పోతాంటే ఎంతో కొంత వచ్చేది. ఏమీ పోకపోతే ఏమొస్తాది?"

నా నేలమీది గీతలు, దివాను, రెసిడెంటు, తరగతులు అన్నీ ఆమె బుర్రలో ఒక్క పని మాత్రం చేశాయి. ఆమె చేతిని ఆపాయి. నమ్మకాన్ని మాత్రం తీసేయలేకపోయాయి. నేను ఆమె దగ్గర పని లాగేసుకుని, దాని బదులు నేరం చేతిలో పెట్టాను. తర్వాత ఎన్నిసార్లు చెప్పినా, ఎన్ని రకాలుగా చెప్పినా ఆమె తల అడ్డంగానే ఊపింది. చేలగట్ల మీద నడిచేటప్పుడు రాయి కనిపిస్తే కాలు పక్కకు వేసి పోయేది, దాన్ని తాకడానికి తనకు అర్హత లేనట్టుగా. పల్లెలో నోళ్లు ఊరుకుంటాయా? కొడుకును సముద్రం దాటించి తల్లి సుఖంగా కూర్చుంది అని ఇద్దరు ముగ్గురు అన్నారు. వాళ్లకు జవాబు చెప్పాల్సింది నేను. చెప్పలేదు.

సింగపూరులో జపానుకు ఖైదీలుగా పట్టుబడిన మన పటాలం వాళ్లు బతికి ఉన్నారో లేదో ఎవరికీ తెలియని కాలం మూడేళ్లకు పైగా నడిచింది. యుద్ధం నాకు మాత్రం అన్నం పెట్టింది. పని పెరిగింది, జీతం పెరిగింది, నా కింద ఇద్దరు గుమాస్తాలు వచ్చారు. అన్నం ముందు కూర్చుంటే బావ ఏం తింటున్నాడో అనిపించేది. అయినా తినేవాడిని.

అంతకు ముందే, యుద్ధం మొదటి ఏళ్లలో, బెంగళూరు శివార్లలో విమానాల కార్ఖానా పెట్టినప్పుడు నాకు ఆశ పుట్టింది. మన రాజ్యం స్థలం ఇచ్చింది, వాటా పెట్టింది. ఒక బొంబాయి వ్యాపారి అమెరికా నుంచి మరలు, ఇంజనీర్లను తెప్పించాడు. అక్కడి కంపెనీల దగ్గర నమూనాలు కట్టుకునే లైసెన్సు కొన్నారు. మొదట విడిభాగాలు పెట్టెల్లో వచ్చాయి, ఇక్కడ బిగించారు. ఇంక మనమే కడతాం, ఎవరినీ అడగక్కర్లేదు అని మా కచేరిలో మిఠాయి పంచుకున్నాం. తర్వాత జరిగింది ఇది. లైసెన్సు అంటే నక్షా ఇస్తారు, కానీ ఇంజను రాదు, కొలత పనిముట్లు రావు, ఏ లోహం వాడాలో అదీ వాళ్ల దగ్గరి నుంచే రావాలి. ఓడలు మునుగుతున్న రోజుల్లో ఒక పెట్టె ఆలస్యమైతే మొత్తం వరుస ఆగిపోయేది. అంతలో అమెరికా తన విమానాలను తానే అప్పుగా ఇవ్వడం మొదలుపెట్టింది. తయారైనవి వస్తుంటే ఇక్కడ కట్టడం ఎందుకు అన్నారు. ఢిల్లీ కార్ఖానాను చేతిలోకి తీసుకుంది, కట్టే పని పక్కకు పోయి, దెబ్బతిన్న అమెరికా విమానాలను బాగుచేసే పని వచ్చింది. అప్పుగా ఇచ్చేవాడికి మనం బాగుచేసేవాళ్లుగా ఉంటే చాలు, కట్టేవాళ్లుగా ఉండక్కర్లేదు. నేను అత్తకు గీసి చూపించిన గీతలే ఇంకొంచెం పెద్దగా కనిపించాయి. అప్పుడు ఆ గీతలు గీయడంలో ఉన్న సంబరం మాత్రం ఏ మూలా మిగల్లేదు.

యుద్ధం ముగిసి కొన్ని నెలలయ్యాక బావతో ఉన్న సిపాయి ఒకతను మా ఊరు వెతుక్కుంటూ వచ్చాడు. మధుగిరి వైపు మనిషి. ఎముకలకు చర్మం అతికించినట్టు ఉన్నాడు. నేను ఆ వారం ఊళ్లోనే ఉన్నాను. అత్త అతనికి సంగటి పెట్టి, అతను తినేదాకా ఎదురుగా కూర్చుంది. తిన్నాక అతనే చెప్పాడు. ఖైదీలను ఓడల్లో దీవులకు తోలుకుపోయారని, అక్కడ విరేచనాలు పట్టుకుని మందు లేక బావ పోయాడని, తామే మట్టి వేశామని.

అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత తీసి మొహం తుడుచుకుంది. అప్పుడు అడిగింది ఆ ప్రశ్న.

"యుద్ధం అప్పుడు మీకు తుపాకులు తక్కువైనాయాప్పా?"

అతనికి అర్థం కాలేదు. నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"తుపాకులు ఉండాయమ్మా," అన్నాడు. "మనిషికొకటి ఉండె. తూటాలూ ఉండె. మేము కాపలా కాసింది విమానాల మైదానం, విమానాలు మాత్రం కళ్లకు కనపడలేదు. పైనించి వచ్చేవన్నీ జపానోళ్లవే. మా మీద బాంబులు పడతాంటే తుపాకీ పెట్టుకుని ఏం చేస్తాము? మళ్లా ఒకదినం సాయంత్రం హుకుం వచ్చింది, తుపాకులు కింద పెట్టమని. ఇచ్చినోళ్లే పెట్టమన్నారు. పెట్టినాము. మీవోడు తుడిచి పెట్టినాడమ్మా, ఉత్తగా పారేయలేదు. అన్నీ కుప్ప పోసినాము. కొన్నాళ్లకు అవే తుపాకులు జపానోళ్లతో చేరిపోయిన మన సిపాయిల చేతుల్లో చూసినాము, జపానోళ్లే వాళ్లకిచ్చినారు."

"అయితే తక్కువ కాలేదు."

"కాలేదమ్మా."

 ఇన్నేళ్ల తర్వాత ఆమె నేరం ఆమె భుజం మీద నుంచి దిగిపోయింది అనుకున్నాను. నేను నాలుగేళ్లుగా చెప్పలేకపోయిన దాన్ని ఈ మనిషి నాలుగు మాటల్లో చెప్పాడు, ఇక ఆమె నిద్రపోతుంది, నేనూ నిద్రపోతాను అనుకున్నాను. సిపాయి నీళ్లు తాగి, సాయంత్రం బండికి అందాలని లేచాడు. అతన్ని ఊరి చివరిదాకా దిగబెట్టి వచ్చేసరికి అత్త అదే చోట కూర్చుని ఉంది.

"నువ్వు చెప్పిందే నిజమప్పా," అంది. "నేను ఏరినా, ఏరకపోయినా వాని చేతికి వచ్చే తుపాకీ అదే."

"అవునత్తా."

"నేను మానకుండా ఏరతా ఉండినా ఇట్లనే అయ్యుండేది."

"ఇట్లనే అయ్యుండేదత్తా. నీ తప్పు ఏమీ లేదు."

ఆమె నా మొహంలోకి చూసింది. ఆ చూపులో అప్పుడు కూడా కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

"ఎట్లైనా ఒకటే అయినప్పుడు, వాడు తుపాకీ మోసిన ఆ నాలుగు నెలలూ నన్ను ఏరుకోనిచ్చి ఉంటే నీకేం పోయిండేదప్పా?"